ఫుల్ ఛార్జ్ చేసి బీరువాలో పెడితే అది జాగ్రత్త కాదు: డ్రోన్ బ్యాటరీలు ఎందుకు ఉబ్బుతాయి?

"అన్నా, వోల్టేజ్ చూస్తే మంచిగనే ఉంది. కొంచెం లావయినయి, అంతే. ఒక్క రౌండ్ ఎగిరేసి దింపుతా."

సద్దుల బతుకమ్మకు రెండు రోజుల ముందు ఎల్లారెడ్డి నుంచి వచ్చిన ఫోన్ ఇది. చేసినవాడు నాకు తమ్ముడి లాంటివాడు. అయిదు అంగుళాల ఎఫ్‌పీవీ డ్రోన్ తనే సోల్డరింగ్ చేసి కట్టుకున్నాడు, నాకంటే బాగా ఎగరేస్తాడు. కానీ ఆ రోజు వాట్సాప్‌లో పంపిన ఫొటో చూసి నాకు చెమటలు పట్టాయి. నాలుగు లిపో ప్యాక్‌లలో మూడు, నూనెలో వేసిన పూరీల్లా పొంగి ఉన్నాయి. వాటితో చెరువు గట్టు దగ్గర, వందల మంది ఆడవాళ్లు బతుకమ్మ ఆడే చోట షూట్ చేస్తానంటున్నాడు.

వద్దన్నాను. గట్టిగానే వద్దన్నాను. వాడికి కోపం వచ్చింది. "నేను వాటిని ఎంత జాగ్రత్తగా పెట్టిన్నో నీకు తెల్వదన్నా. వాడనే లేదు. ఫుల్ ఛార్జ్ చేసి బీరువా మీద పెట్టిన, అంతే" అన్నాడు.

అసలు సమస్య ఆ జాగ్రత్తలోనే ఉంది. లిపో ప్యాక్‌లు ఎక్కువగా పాడయ్యేది ఎగరేసినందుకు కాదు, ఫుల్ ఛార్జ్ చేసి పక్కన పెట్టినందుకే అని నా అభిప్రాయం. దీనికి మనలాంటి రివ్యూలు రాసేవాళ్ల తప్పు కూడా కొంత ఉంది. అది చివర్లో చెప్తాను. ముందు ఎల్లారెడ్డిలో ఏం జరిగిందో చూద్దాం.

కరెంటు పోయి బతికిన ప్యాక్

కిందటేడు, అంటే 2025లో, వినాయక చవితి ఆగస్టు 27న వచ్చింది. కామారెడ్డి జిల్లా వాళ్లకు ఆ తేదీ మర్చిపోయేది కాదు. ఆ రోజు, మరుసటి రోజు పడిన వానకు ఊళ్లు మునిగాయి, రోడ్లు తెగాయి, రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది. మా తమ్ముడు మాత్రం 26 రాత్రి వేరే లెక్కలో ఉన్నాడు. పొద్దున మండపం దగ్గర విగ్రహం వచ్చేటప్పుడు షూట్ చేయాలని నాలుగు ప్యాక్‌లూ ఒకదాని తర్వాత ఒకటి ఛార్జింగ్ పెట్టాడు. అన్నీ 4ఎస్, 1500 ఎంఏహెచ్ ప్యాక్‌లే. మూడు ఫుల్ అయ్యాయి. నాలుగోది సగంలో ఉండగా కరెంటు పోయింది.

తెల్లారి షూట్ లేదు, మండపం దగ్గరికి వెళ్లే దారే లేదు. నాలుగు ప్యాక్‌లనూ ఒక సంచిలో వేసి బీరువా మీద పెట్టాడు. వాళ్లది రేకుల ఇల్లు. వానలు తగ్గాక ఎండ వచ్చిందంటే మధ్యాహ్నం ఆ బీరువా పైభాగం ముట్టుకుంటే వెచ్చగా తగులుతుంది. అట్లా అయిదు వారాలు ఉన్నాయి. మళ్లీ సంచి విప్పింది బతుకమ్మకే.

విప్పి చూస్తే ఫుల్ చేసిన మూడూ ఉబ్బాయి. సగంలో ఆగిపోయిన నాలుగోది మాత్రం పలకలా, కొన్నప్పుడు ఎట్లా ఉందో అట్లాగే ఉంది. వాడికి అదే విచిత్రంగా అనిపించింది. "సగం ఛార్జ్ చేసినదే మంచిగుంది ఏందన్నా?" అని అడిగాడు. విచిత్రం ఏమీ లేదు. ఆ నాలుగో ప్యాక్ సెల్‌కు 3.87 వోల్టుల దగ్గర ఆగిపోయింది. కరెంటు పోవడం వల్ల దానికి దాదాపు సరైన స్టోరేజ్ వోల్టేజ్ దొరికింది, అదీ ఎవరూ అనుకోకుండానే.

ఆ ప్యాక్‌లు, నా దగ్గరున్న రెండు ప్యాక్‌లు, మేము ఒకేసారి కొన్నవి. అందుకే పోల్చడం తేలికయింది. నేను కామారెడ్డి నుంచి నా ఛార్జర్ తీసుకెళ్లి సెల్ సెల్‌కూ ఇంటర్నల్ రెసిస్టెన్స్ కొలిచాను. నా ప్యాక్‌లలో, వాడి నాలుగో ప్యాక్‌లో ఒక్కో సెల్‌కు 6 మిల్లీ ఓమ్‌ల దగ్గర వచ్చింది. ఉబ్బిన మూడింటిలో 12 నుంచి 14 వరకు వచ్చింది. వోల్టేజ్ మాత్రం సెల్‌కు 4.15 దాకా చూపిస్తూనే ఉంది. వాడిని మోసం చేసింది ఆ అంకెనే.

ఫుల్‌గా ఉన్నప్పుడు లోపల ఏం జరుగుతుంది

లిపో సెల్‌లో ఒక వైపు గ్రాఫైట్ పూసిన రాగి రేకు, ఇంకో వైపు లిథియం కోబాల్ట్ ఆక్సైడ్ లాంటి పదార్థం పూసిన అల్యూమినియం రేకు, మధ్యలో ఎలక్ట్రోలైట్ అనే ద్రవం ఉంటాయి. ఛార్జ్ చేస్తే లిథియం అయాన్లు కోబాల్ట్ వైపు నుంచి గ్రాఫైట్ వైపు వెళ్తాయి. సెల్ 4.20 వోల్టులకు వచ్చేసరికి కోబాల్ట్ వైపు లిథియం బాగా తగ్గిపోతుంది. ఆ స్థితిలో ఆ పదార్థం పక్కనున్న ద్రవం నుంచి ఎలక్ట్రాన్లు లాక్కోవాలని చూస్తుంది. ద్రవం కొంచెం కొంచెంగా విరిగిపోయి కార్బన్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్ లాంటి వాయువులు పుడతాయి.

అవతలి వైపు కూడా ప్రశాంతంగా ఏమీ ఉండదు. లిథియంతో నిండిన గ్రాఫైట్ మీద ఒక సన్నటి పొర ఉంటుంది. ద్రవం నేరుగా గ్రాఫైట్‌కు తగలకుండా కాపాడేది అదే. గ్రాఫైట్ ఎంత నిండుగా ఉంటే, ఎంత వేడిగా ఉంటే ఆ పొర అంత మందం అవుతుంది. మందం అవడానికి మళ్లీ ద్రవమే ఖర్చవుతుంది, మళ్లీ వాయువే పుడుతుంది. పొర మందం అయితే అయాన్లకు దారి ఇరుకవుతుంది. ఛార్జర్‌లో మనకు కనిపించే ఇంటర్నల్ రెసిస్టెన్స్ పెరగడంలో దీనికి పెద్ద వాటా ఉంది.

స్టీలు డబ్బాలో ఉండే 18650 లాంటి సెల్‌లో వాయువు పుడితే బయటికి కనిపించదు. లిపోకు ఉన్నది ప్లాస్టిక్ పూసిన పల్చటి అల్యూమినియం కవర్ మాత్రమే. పాల ప్యాకెట్ పాడైతే ఉబ్బినట్టు ఉబ్బుతుంది. అంటే ఉబ్బడం అనేది జబ్బు కాదు, లక్షణం. ద్రవం ఇప్పటికే కొంత ఖర్చయిపోయింది, తిరిగి రాదు అని చెప్పే లక్షణం.

ఈ పనులన్నీ ఎగరేసేటప్పుడు కూడా జరుగుతాయి, కానీ అప్పుడు సెల్ 4.20 దగ్గర ఉండేది కొద్ది నిమిషాలే. బీరువా మీద మాత్రం అయిదు వారాలు ఉంది. పైగా వేడి. ఇలాంటి రసాయన చర్యలు పది డిగ్రీలు పెరిగితే సుమారు రెట్టింపు వేగం అందుకుంటాయని ఒక మోటు లెక్క. రేకుల కింద 40 డిగ్రీల దగ్గర ఫుల్‌గా పెట్టడమంటే, చల్లటి గదిలో పెట్టినదానికంటే ఎన్నో రెట్లు వేగంగా దాన్ని ముసలిదాన్ని చేయడమే.

అయితే పూర్తిగా ఖాళీ చేసి పెడదామా? అదీ తప్పే. ఏ ప్యాక్ అయినా ఊరికే పెట్టినా కొంచెం కొంచెం తగ్గుతుంది. ఖాళీ ప్యాక్ అట్లా తగ్గి తగ్గి చాలా కిందికి పోతే, గ్రాఫైట్ కింద ఉన్న రాగి కరగడం మొదలవుతుంది. మళ్లీ ఛార్జ్ చేసినప్పుడు ఆ రాగి ఎక్కడెక్కడో పేరుకుని లోపల షార్ట్ అవ్వచ్చు. అందుకే మధ్యలో పెట్టాలి. సెల్‌కు 3.80 నుంచి 3.85 వోల్టులు, అంటే సుమారు సగం ఛార్జ్. 4ఎస్ ప్యాక్ మొత్తానికి 15.2 నుంచి 15.4 వోల్టులు. ఇది మంత్రం లాంటి అంకె కాదు, 3.87 దగ్గర ఆగిన ప్యాక్ కూడా బాగానే ఉందని చూశాం కదా. 4.20 నుంచి దూరంగా, అడుగు నుంచి కూడా దూరంగా ఉండటమే దీని ఉద్దేశం.

ఈ అలవాటు మనకు ఇన్వర్టర్ నుంచి వచ్చింది

మా తమ్ముడిని నేను తప్పు పట్టలేను. మన ఇళ్లలో బ్యాటరీ అంటే ఇన్వర్టర్ బ్యాటరీ, ట్రాక్టర్ బ్యాటరీ, ఆటో బ్యాటరీ. అవి లెడ్ యాసిడ్‌వి. వాటిని నిజంగానే ఫుల్‌గా ఉంచాలి. సగం ఛార్జ్‌తో వదిలేస్తే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి బ్యాటరీ చస్తుంది. "బ్యాటరీని ఎప్పుడూ ఫుల్ పెట్టాలె బిడ్డా" అని ఇంట్లో పెద్దలు చెప్పే మాట ఆ బ్యాటరీకి నూటికి నూరుపాళ్లు నిజం. లిపోకు సరిగ్గా తిరగేసిన మాట. ఈ ఒక్క తేడా తెలియక పోతున్న ప్యాక్‌లే ఎక్కువని నా అనుమానం.

మరి ఫోన్‌లో ఉన్నదీ ఇలాంటి బ్యాటరీయే కదా, రోజూ ఫుల్ చేస్తున్నాం కదా అనొచ్చు. ఫోన్ ఫుల్ అయిన నిమిషం నుంచి వాడకంలో దిగుతూనే ఉంటుంది. అయినా ఈ మధ్య ఫోన్‌లలో ఛార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ ఇస్తున్నారు, కారణం ఇదే. డీజేఐ డ్రోన్ల ఇంటెలిజెంట్ బ్యాటరీలు కూడా కొన్ని రోజులు వాడకపోతే తమంతట తామే దాదాపు 60 శాతానికి దిగిపోతాయి. ఎన్ని రోజులకన్నది మోడల్‌ను బట్టి మారుతుంది. ఆ సమయంలో బ్యాటరీ కొంచెం వెచ్చగా అనిపిస్తే కంగారు పడొద్దు. ఎఫ్‌పీవీ ప్యాక్‌కు ఆ తెలివి ఉండదు. దాని తెలివి మనమే.

ఉబ్బిన ప్యాక్‌తో ఎందుకు ఎగరొద్దు

"ఒక్క రౌండే కదా" అన్నవాడికి నేను ఫోన్‌లో చెప్పిన లెక్క ఇది. అయిదు అంగుళాల డ్రోన్‌కు గట్టిగా థ్రాటిల్ ఇస్తే 60 ఆంపియర్లు లాగడం పెద్ద విషయం కాదు. మంచి సెల్‌కు 6 మిల్లీ ఓమ్‌లు ఉంటే 60 ఆంపియర్ల దగ్గర 0.36 వోల్టులు పడిపోతుంది. ఎగురుతూ ఎగురుతూ సెల్ 3.90కి వచ్చిందనుకుందాం. థ్రాటిల్ ఇచ్చిన క్షణంలో అది 3.54 అవుతుంది. ఇబ్బంది లేదు.

అదే ఉబ్బిన సెల్‌కు 14 మిల్లీ ఓమ్‌లు ఉంటే పడేది 0.84 వోల్టులు. 3.90 కాస్తా 3.06 అవుతుంది. అంటే సగం బ్యాటరీ ఉందని ఓఎస్‌డీలో చూస్తున్నవాడికి ఒక్కసారిగా లో బ్యాటరీ వార్నింగ్ వస్తుంది, మోటార్లకు బలం చాలదు, కిందికి దిగుతున్న డ్రోన్‌ను పట్టుకోవడానికి ఇంకా థ్రాటిల్ ఇస్తాడు, వోల్టేజ్ ఇంకా పడుతుంది. కింద బతుకమ్మ ఆడుతున్నవాళ్లు ఉంటారు. జనం నెత్తి మీద ఎగరేయడమే తప్పు, అది వేరే మాట. పక్క నుంచి ఎగరేసినా అట్లాంటి ప్యాక్‌ను నమ్మలేం.

ఆ లెక్క విన్నాక కాసేపు ఏమీ మాట్లాడలేదు. "మరి షూట్ పోయినట్టేనా?" అన్నాడు. పోలేదు. నా రెండు ప్యాక్‌లు, వాడి నాలుగోది కలిపి, గట్టుకు దూరంగా నిలబడి మూడు రౌండ్లు తీశాడు.

ఒక మాట. గట్టిగా ఎగిరి దిగిన వెంటనే ప్యాక్ కొంచెం మెత్తగా ఉబ్బినట్టు అనిపించి, చల్లారాక మామూలుగా అవ్వడం ఉంటుంది. దాన్ని కనిపెట్టుకుని ఉండాలి. చల్లగా ఉన్నప్పుడు కూడా ఉబ్బు అట్లాగే ఉంటే మాత్రం దాన్ని మళ్లీ ఛార్జ్ చేయొద్దు, ఎగరేయొద్దు. "కొంచెమే ఉబ్బింది, ఏం కాదు" అనేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను ఆ గుంపులో లేను.

స్టోరేజ్‌కు దింపడం ఎట్లా

అన్నిటికంటే తేలిక దారి ఎగరేయడమే. షూట్ క్యాన్సిల్ అయినా వాతావరణం బాగుంటే, ఖాళీ జాగాలో రెండు మూడు నిమిషాలు హోవర్ చేసి, గాల్లో ఉండగా సెల్‌కు 3.7 కనిపించినప్పుడు దించేయండి. లోడ్ తీసేశాక అది 3.8 దగ్గరికి లేస్తుంది. ఎందుకు లేస్తుందో పైన లెక్కలో చూశాం: లోడ్ ఉన్నప్పుడు పడింది, లోడ్ పోగానే తిరిగి వస్తుంది. అందుకే ఎప్పుడైనా దించిన పది నిమిషాల తర్వాత చూసిన అంకెనే నమ్మాలి.

రెండో దారి ఛార్జర్‌లోని `STORAGE` మోడ్. సెల్ రకం, సెల్‌ల సంఖ్య సరిగ్గా పెట్టి, బ్యాలెన్స్ వైరు కూడా గుచ్చి స్టార్ట్ చేస్తే, ఎక్కువ ఉంటే దింపుతుంది, తక్కువ ఉంటే ఎక్కిస్తుంది. మంచి పద్ధతే, కానీ ఇక్కడ ఒక చిక్కుంది. మన దగ్గర ఎక్కువమంది చేతిలో ఉండే ఐమ్యాక్స్ బీ6 రకం ఛార్జర్ 50 వాట్లతో ఎక్కిస్తుంది, దింపేటప్పుడు మాత్రం 5 వాట్లే. 4ఎస్ 1500 ప్యాక్‌ను ఫుల్ నుంచి స్టోరేజ్‌కు తేవాలంటే సుమారు 675 ఎంఏహెచ్ తీయాలి. సగటున 16 వోల్టుల దగ్గర అది దాదాపు 11 వాట్ అవర్లు. 5 వాట్లతో తీస్తే రెండు గంటలు దాటుతుంది. నాలుగు ప్యాక్‌లకు తొమ్మిది గంటలు. పైగా ఇంట్లో కరెంటు ఉండాలి. ఆగస్టు 27న ఎల్లారెడ్డిలో అది కూడా లేదు.

పొలాలకు మందు కొట్టే పది లీటర్ల డ్రోన్లలో వాడే 6ఎస్ 16000 ఎంఏహెచ్ ప్యాక్ తీసుకుంటే లెక్క ఇంకా ఘోరం. తీయాల్సింది 170 వాట్ అవర్లకు పైమాటే. 5 వాట్లతో ఒక్క ప్యాక్‌కే ఒకటిన్నర రోజు పడుతుంది. ఎవరు చేస్తారు? ఎవరూ చేయరు. అందుకే వరి సీజన్ అయ్యాక అవి ఫుల్‌గానో సగం పైనో షెడ్డులో పడి ఉంటాయి.

మూడో దారి బల్బులు. నేను వాడేది ఇదే, తమ్ముడికి కట్టించి ఇచ్చిందీ ఇదే. ఆటో ఎలక్ట్రికల్ షాపులో దొరికే 12 వోల్టుల హెచ్4 హెడ్‌లైట్ బల్బులు రెండు తీసుకోండి. హై బీమ్ తంతి తెగిపోయి పక్కన పడేసినవైనా చాలు, 55 వాట్ల లో బీమ్ తంతి బాగుంటే సరిపోతుంది. రెండింటినీ సిరీస్‌లో కలపండి. అంటే ప్యాక్ ప్లస్ నుంచి మొదటి బల్బుకు, దాని రెండో కొన నుంచి రెండో బల్బుకు, అక్కడి నుంచి మైనస్‌కు. ప్యాక్‌కు గుచ్చడానికి మీ డ్రోన్ వైపు ఉండే రకం ఎక్స్‌టీ60 కనెక్టర్ సోల్డర్ చేయండి.

రెండెందుకు? ఫుల్ 4ఎస్ ప్యాక్ 16.8 వోల్టులు ఇస్తుంది. ఒక్క 12 వోల్టుల బల్బుకు అది ఎక్కువ, తొందరగా మాడిపోతుంది. రెండు సిరీస్‌లో ఉంటే ఒక్కోదానికి 8 వోల్టుల చిల్లర అందుతుంది. ఎర్రగా, కొంచెం మందంగా వెలుగుతాయి. అప్పుడు మూడున్నర నుంచి నాలుగు ఆంపియర్లు లాగుతాయి, 1500 ప్యాక్‌కు అది ఇబ్బంది లేని లోడు. పైన లెక్కేసిన 675 ఎంఏహెచ్ పది, పన్నెండు నిమిషాల్లో దిగిపోతుంది. తొమ్మిది గంటల పని గంటలోపు అయిపోయినట్టే. ఇవే రెండు బల్బులు 6ఎస్ ప్యాక్‌కూ పనికొస్తాయి. 230 వోల్టుల ఇంటి బల్బు మాత్రం పనికిరాదు, అంత తక్కువ వోల్టేజ్‌కు అది లాగేది దాదాపు ఏమీ ఉండదు.

ఈ పద్ధతిలో ఒకే ఒక్క పెద్ద ప్రమాదం ఉంది. బల్బుకు ఎక్కడ ఆగాలో తెలియదు. ఛార్జర్ ఆగుతుంది, డ్రోన్ వార్నింగ్ ఇస్తుంది, బల్బు మాత్రం సెల్ చచ్చేదాకా వెలుగుతూనే ఉంటుంది. అందుకే బ్యాలెన్స్ వైరుకు గుచ్చే చిన్న బజర్ ఉన్న సెల్ చెకర్ లేకుండా బల్బు పెట్టొద్దు. దాని అలారాన్ని 3.75 దగ్గర సెట్ చేయండి. ఏ ఒక్క సెల్ అక్కడికి వచ్చినా అరుస్తుంది, వెంటనే పీకేయండి. పది నిమిషాలు ఆగి చూస్తే 3.80 పైన కనిపిస్తుంది. బజర్ పెట్టి పక్క గదిలోకి పోయి రీల్స్ చూస్తూ కూర్చోవద్దు. పని అయ్యాక చెకర్‌ను కూడా పీకేయాలి. అది కూడా ప్యాక్ నుంచే కరెంటు తాగుతుంది, వారాల తరబడి వదిలేస్తే సెల్‌లను ఖాళీ చేస్తుంది.

హాలోజెన్ బల్బు గాజు చర్మం కాలిపోయేంత వేడెక్కుతుంది. ఇటుక మీదో, గచ్చు మీదో పెట్టండి. పరుపు, అట్టపెట్టె, టార్పాలిన్ దగ్గర వద్దు. ప్యాక్‌ను బల్బు నుంచి ఒక మూర దూరం ఉంచండి. ఎగిరి దిగిన వేడి ప్యాక్ అయితే ముందు చల్లారనివ్వండి. దింపేటప్పుడు ప్యాక్ కొంచెం గోరువెచ్చగా అవ్వడం మామూలే, చేత్తో పట్టుకోలేనంత అయితే ఆపేయాలి.

స్టోరేజ్‌కు వచ్చిన ప్యాక్‌ను డ్రోన్‌కు గుచ్చి వదలకుండా, రేకుల కింద కాకుండా, ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే గదిలో నేల మీద లోహపు డబ్బాలో పెట్టండి. కనెక్టర్లు ఒకదానికొకటి, డబ్బాకు తగలకుండా చూడండి. డబ్బా మూత గాలి చొరబడకుండా బిగించొద్దు. నెలకోసారి చెకర్ గుచ్చి చూసి, 3.7కి దగ్గరపడితే మళ్లీ 3.8కి ఎక్కించండి.

ఆ మూడు ప్యాక్‌లను ఏం చేశాం

యూట్యూబ్‌లో చూసి ఉప్పు నీళ్లలో వేద్దామన్నాడు మా వాడు. వద్దన్నాను. ఉప్పు నీళ్లలో వేస్తే ముందు తినేసేది కనెక్టర్‌ను, వైర్ల కొనలను. అవి తినేశాక కరెంటు బయటికి వచ్చే దారే ఉండదు, లోపల ఛార్జ్ అట్లాగే మిగిలిపోవచ్చు. బయటికి చూస్తే చచ్చినట్టు కనిపించే ప్యాక్ నిజంగా చచ్చిందో లేదో కొలవడానికి కూడా వీలుండదు. ఇంకొకడు సూదితో గుచ్చి గాలి తీసేయమన్నాడట. అంతకంటే పిచ్చి పని ఇంకోటి లేదు. లోపల రేకులు షార్ట్ అయితే చేతిలోనే మంటలు వస్తాయి.

మేము చేసింది ఇది. ఇంటి వెనక ఖాళీ జాగాలో ఇసుక కుప్ప మీద ప్యాక్ పెట్టాం. హెడ్‌లైట్ బల్బుల బదులు బైకు ఇండికేటర్లలో వాడే 10 వాట్ల బల్బులు రెండు సిరీస్‌లో కలిపాం. అవి అర ఆంపియర్ చిల్లర మాత్రమే లాగుతాయి. పాడైన సెల్‌ను తొందరపెట్టకూడదు కాబట్టి ఇక్కడ మెల్లగా దింపడమే మంచిది. ఒక్కో ప్యాక్‌కు మూడు గంటల దాకా పట్టింది, ఒకదాని తర్వాత ఒకటి, దూరంగా కూర్చుని చూస్తూనే ఉన్నాం. ఈసారి 3.8 దగ్గర ఆగలేదు. దీన్ని మళ్లీ వాడేది లేదు కాబట్టి బల్బు పూర్తిగా ఆరిపోయాక కూడా ఒక రోజు అట్లాగే వదిలేసి, మీటర్‌లో సున్నా దగ్గరికి వచ్చిందని చూసుకున్నాకే విప్పాం. ఆ తర్వాత కనెక్టర్లకు టేపు చుట్టి, హైదరాబాద్ పోయినప్పుడు ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇచ్చాను. మన దేశంలో 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలు వెనక్కి చేరేలా చూసే బాధ్యత తయారీదారులదే. మున్సిపాలిటీ చెత్త బండిలో మాత్రం వేయొద్దు, అందులో నొక్కుడు పడితే బండికే నిప్పంటుకుంటుంది.

ఒక హెచ్చరిక. ఉబ్బిన ప్యాక్ ఊరికే ఉండగానే వెచ్చగా ఉన్నా, గోళ్ల రంగు తుడిచే మందులా తియ్యటి ఘాటు వాసన వస్తున్నా, బుస్సుమని చప్పుడొచ్చినా దానికి ఏ బల్బూ పెట్టొద్దు. వీలైతేనే బయట ఇసుక మీద, గోడలకు, బండ్లకు దూరంగా వదిలేసి, మీరూ దూరంగా ఉండండి.

ఇక మన తప్పు

ఛార్జర్ రివ్యూ అంటే మనం ఏం రాస్తాం? ఎన్ని వాట్లతో ఎక్కిస్తుంది, ఎన్ని పోర్టులు, స్క్రీన్ ఎట్లా ఉంది. ఎన్ని వాట్లతో దింపుతుందో స్పెక్ షీట్‌లో చివరి లైన్‌లో ఉంటుంది, నేను కూడా చాలాసార్లు దాన్ని దాటేశాను. ప్యాక్ ప్రాణం కాపాడేది ఆ చివరి లైనే. 5 వాట్లతో దింపే ఛార్జర్‌లో `STORAGE` బటన్ ఉందని చెప్పడం, బకెట్ నీళ్లు చెంచాతో తోడొచ్చని చెప్పడం లాంటిదే. ఇక నుంచి నేను రాసే ప్రతి లిపో ఛార్జర్ రివ్యూలో దింపే వాట్లు మొదటి పేరాలోనే ఉంటాయి. నాలుగు 4ఎస్ ప్యాక్‌లను రెండు గంటల్లోపు స్టోరేజ్‌కు తేలేని ఛార్జర్‌కు, దాని కొనుగోలు ఖర్చులో రెండు బల్బులు, ఒక బజర్ కూడా కలిపి లెక్క చెప్తాను.

మీరు మార్చుకోవాల్సింది ఒక్క అలవాటే. షూట్ ముందు రోజు రాత్రి కాకుండా ఆ రోజు పొద్దున ఛార్జ్ చేయండి. ఏదైనా కారణంతో ఎగరకపోతే, రెండు రోజులు దాటకముందే దింపేయండి. ఇప్పుడు మా తమ్ముడు మూఢం వచ్చి పెళ్లిళ్లు ఆగినా, వాన పడి మ్యాచ్ ఆగినా నాకు ఫొటో పంపిస్తున్నాడు: గచ్చు మీద ఎర్రగా వెలుగుతున్న రెండు హెడ్‌లైట్ బల్బులు, పక్కన అరవడానికి సిద్ధంగా ఉన్న బజర్.